పంచదార కేకును బెల్లానికి మార్చడం: ప్రాజెక్టు డైరీ (బెంగళూరు, జూలై)

పంచదార తీసేసి అంతే బరువు బెల్లం వేస్తే కేకు ఎందుకు చపాతీ పీటలా గట్టిపడుతుంది, ఏం మారిస్తే పొంగుతుంది అన్నది ఈ డైరీలో విషయం. చివర్లో పల్లీ పట్టి కూడా ఉంది. కేకులో మేలు చేసిన బెల్లం గుణమే పట్టిని పాడు చేస్తుంది కాబట్టి రెండూ పక్కపక్కన చూడాలి.

సామాన్లు: ఒక గ్రాము తేడా చూపే తూకం మెషీన్, పాకంలో ముంచే థర్మామీటరు, ఓటీజీ లోపల పెట్టే మరో థర్మామీటరు, హ్యాండ్ మిక్సర్, 7 అంగుళాల గుండ్రటి టిన్ను, టీ వడగట్టు, పలుచని నూలు గుడ్డ. ఓవెన్ వేడి అని రాసిన చోటల్లా లోపలి థర్మామీటరు చూపిన అంకే. డయల్ మీది అంకెకూ దానికీ 10 డిగ్రీల దాకా తేడా వచ్చింది.

దశ 1: కొలబద్ద కేకు, నేరుగా మార్చిన కేకు

కొలబద్ద కేకు: మైదా 150 గ్రాములు, పంచదార 150, బటర్ 120, గుడ్లు 3 (పెంకు తీశాక 150), పాలు 45, బేకింగ్ పౌడర్ 6, ఉప్పు 2. బటర్, పంచదార కలిపి తెల్లగా నురగలా అయ్యేదాకా గిలకొట్టి, తర్వాత గుడ్లు, చివర మైదా, పాలు. 170 డిగ్రీల్లో 40 నిమిషాలు. చల్లారాక మధ్యలో ఎత్తు 5.2 సెం.మీ.

రెండో కేకులో పంచదార బదులు 150 గ్రాముల తురిమిన అచ్చు బెల్లం. మిగతావన్నీ అవే. ఎత్తు 4.1 సెం.మీ. కోసి చూస్తే అడుగున అంగుళం మందాన జిగట పొర, మధ్యలో అక్కడక్కడా నల్లటి చుక్కలు. నములుతుంటే రెండు చోట్ల ఇసుక తగిలింది.

తప్పు మిక్సర్ గిన్నెలోనే జరిగింది. పంచదార పలుకులకు పదునైన అంచులుంటాయి. బటర్‌తో గిలకొట్టేటప్పుడు ఒక్కో పలుకూ గీరుకుంటూ గాలిని లోపలికి లాగుతుంది. తురిమిన బెల్లం తడిగా, మెత్తగా ఉంటుంది, బటర్ తగలగానే ముద్దలు కడుతుంది. ఎనిమిది నిమిషాలు గిలకొట్టినా రంగు తేలిక పడలేదు. అప్పుడే తెలిసిపోతుంది, గాలి ఎక్కలేదని. ఆ పిండిని ఓవెన్‌లో పెట్టి లాభం లేదు.

ఇప్పటిదాకా: కేకులు 2, బెల్లం 150 గ్రాములు.

దశ 2: బెల్లంలో నీళ్ళెన్ని

బెల్లం కేకు ముద్దగా వస్తే అందరూ బెల్లంలోని తడినే తప్పుపడతారు. ఆ తడి ఎంతో కొలిచి చూడాల్సిందే.

1. బెల్లాన్ని సన్నగా తురిమి 50 గ్రాములు వెడల్పాటి పళ్ళెంలో పలుచగా పరచాలి.
2. 65 నుంచి 70 డిగ్రీల మధ్య ఓవెన్‌లో పెట్టాలి. అంతకు మించితే బెల్లం కరిగి, తడి లోపలే చిక్కుకుంటుంది.
3. గంటకోసారి తూచాలి. వరుసగా రెండుసార్లు అదే బరువు వస్తే ఆపేయాలి.

గట్టి అచ్చు బెల్లం 50 నుంచి 47 గ్రాములకు దిగింది, అంటే 6 శాతం తడి. నొక్కితే వేలిముద్ర పడే పాత ఉండ బెల్లం 45కు దిగింది, 10 శాతం. పొట్లంలో అమ్మే బెల్లం పొడి 49 దగ్గర ఆగింది, 2 శాతం. ప్రయోగశాల పద్ధతి కాదు కాబట్టి అర శాతం అటూ ఇటూ ఉండొచ్చు. బెల్లానికీ బెల్లానికీ తేడా తెలుసుకోవడానికి ఇది చాలు.

ఇప్పుడు కొలబద్ద కేకులో మొత్తం నీళ్ళ లెక్క. గుడ్డులో నాలుగింట మూడొంతులు నీళ్ళే, 150 గ్రాములకు 112. బటర్‌లో 16 శాతం, అంటే 19. పాలలో 39. మొత్తం 170 గ్రాములు. రెండో కేకులో అచ్చు బెల్లం తెచ్చిన నీళ్ళు 9 మాత్రమే, మొత్తం 179. ఈ తొమ్మిది గ్రాములతో కేకు ఒక సెంటీమీటరు కుంగదు. కాబట్టి ముందు సరిచేయాల్సింది గాలి, తడి కాదు. ఈ లెక్క వేయకపోతే పాలు తగ్గించుకుంటూ పోయి, ఎండిపోయిన పొట్టి కేకు దగ్గర ఆగిపోయేవాళ్ళం.

ఇప్పటిదాకా: కేకులు 2, బెల్లం 300 గ్రాములు.

దశ 3: కరిగించి వడగట్టడం

ఇసుక, చెరకు పీచు పోవాలంటే కరిగించక తప్పదు. మండ్య వైపు నుంచి వచ్చే బెల్లమైనా, ఊరి నుంచి తెచ్చుకున్న అనకాపల్లి బెల్లమైనా ఇది తప్పించుకోలేని పని. 

నీళ్ళెందుకు, 45 గ్రాముల పాలలోనే కరిగిద్దామని మొదట చేసిన ప్రయత్నం చెడింది. పాలు వేడెక్కిన రెండు నిమిషాల్లో విరిగి, గిన్నె అంచున తెల్లటి పలుకులు తేలాయి. బెల్లంలో కొద్దిపాటి ఆమ్లం, లవణాలు ఉంటాయి. వేడి తోడైతే పాలు తట్టుకోలేవు. పరమాన్నంలో బెల్లాన్ని స్టవ్ ఆపి, గిన్నె కాస్త చల్లారాకే కలపడం ఇందుకే. 165 గ్రాముల బెల్లం పోయింది.

రెండోసారి పాలు పూర్తిగా తీసేసి, వాటి నీళ్ళను పాకంలోనే ఉంచేలా లెక్క కుదిర్చాం.

1. ఖాళీ గిన్నె బరువు రాసుకోవాలి.
2. అచ్చు బెల్లం 165 గ్రాములు, నీళ్ళు 60. సన్నటి మంట మీద కరిగేదాకా మాత్రమే ఉంచాలి.
3. టీ వడగట్టులో నూలు గుడ్డ పరిచి వడగట్టాలి. గుడ్డ మీద మిగిలిన చెత్త 2 గ్రాములు తూగింది.
4. మళ్ళీ గిన్నెలో పోసి, గిన్నె బరువు పోగా 195 గ్రాములు మిగిలేదాకా మరిగించాలి.

ఈ 195లో తీపి పదార్థం 153, నీళ్ళు 42. పంచదార 150, పాల నీళ్ళు 39 ఉన్న చోట ఇవి వచ్చి కూర్చుంటాయి. కేకు మొత్తం నీళ్ళు 173. పాత మెత్తటి బెల్లం అయితే 165 బదులు 172 తీసుకోవాలి. వడగట్టాక మరిగించి ఆపే బరువు మాత్రం అదే 195.

పాకాన్ని అదే రోజు వాడాలి. ఇంత చిక్కటి పాకం మామూలు వేడిలో పలుకు కట్టకుండా నిలవదు. రాత్రంతా ఉంచిన మిగులు పాకం అడుగున ఇసుకలా పలుకు కట్టింది. అలాంటప్పుడు రెండు చెంచాల నీళ్ళు పోసి కరిగించి, మళ్ళీ బరువు చూసుకోవాలి.

ఆ పాకాన్ని కరిగిన బటర్, గుడ్లతో చేత్తో కలిపి చేసిన కేకు 4.3 సెం.మీ. మాత్రమే లేచింది. చుక్కలు లేవు, ఇసుక లేదు, జిగట పొర సగానికి తగ్గింది. తడి సరిపోయిందని, గాలి ఇంకా రాలేదని దీంతో రూఢి అయింది.

ఇప్పటిదాకా: కేకులు 3, బెల్లం 630 గ్రాములు.

దశ 4: గాలిని గుడ్డులోకి మార్చడం

బటర్‌లో ఎక్కని గాలిని గుడ్డులో ఎక్కించాలి. పాకం జారుడుగా ఉన్నా గుడ్డు నురగ కడుతుంది, పంచదార పలుకుల పదును దానికి అక్కర్లేదు.

1. పాకం 40 డిగ్రీలకు చల్లారాలి. వేలు పెడితే గోరువెచ్చగా తగలాలి. వేడిగా పోస్తే గుడ్డు అక్కడికక్కడే ఉడికి పీచులు తేలుతుంది.
2. గుడ్లను ఒక నిమిషం గిలకొట్టి, మిక్సర్ ఆపకుండా పాకాన్ని సన్నటి ధారగా పోయాలి.
3. మొత్తం 8 నుంచి 9 నిమిషాలు. మిక్సర్ ఎత్తితే జారిన ధార పైన రిబ్బన్‌లా మూడు సెకన్లు నిలబడాలి. రంగు పాలు ఎక్కువైన కాఫీలా మారుతుంది.
4. మైదా, బేకింగ్ పౌడర్ కలిపి రెండు విడతలుగా జల్లించి, గరిటెతో అడుగు నుంచి పైకి మడతలా కలపాలి.
5. కరిగించి చల్లార్చిన బటర్‌లో ముందు రెండు గరిటెల పిండి కలిపి, ఆ మిశ్రమాన్ని మిగతా పిండిలో కలపాలి. బటర్ నేరుగా పోస్తే బరువుకు అడుగుకు దిగి, కేకు కింద రబ్బరు పొరలా తేలుతుంది.

ఎత్తు 5.0 సెం.మీ. కేకు నిలబడింది.

అయితే పైభాగం మాడింది. 170 డిగ్రీల్లో 22 నిమిషాలకే పైన ముదురు గోధుమ రంగు వచ్చేసింది, పుల్ల గుచ్చితే లోపల పచ్చిపిండి. పంచదార దాదాపు పూర్తిగా సుక్రోజ్. బెల్లంలో సుక్రోజ్‌తో పాటు విడిగా గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా ఉంటాయి. ఇవి గుడ్డులోని ప్రోటీన్‌తో త్వరగా కలిసి రంగు తిరుగుతాయి, సుక్రోజ్ అలా కలవదు. అందుకే వేడి 155కు తగ్గించి, సమయం 50 నిమిషాలకు పెంచి, 30వ నిమిషంలో పైన ఫాయిల్ వదులుగా కప్పాలి. తర్వాతి కేకులన్నీ ఈ పద్ధతిలోనే కాల్చాం.

లోపలి వేడి చూసి కేకు దించేవాళ్ళకు ఒక మాట. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, నీళ్ళు ఇక్కడ 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కేకు మధ్యలో 98 రావాలని రాసి ఉంటే ఇక్కడ ఎంతసేపున్నా అది రాదు, కేకు ఎండిపోతుంది. 95 రాగానే దించాలి. చెన్నైలో ఈ సవరణ అక్కర్లేదు.

ఇప్పటిదాకా: కేకులు 4, బెల్లం 795 గ్రాములు.

దశ 5: సోడా ఎంత

బెల్లంలో ఆమ్లం ఉంది కదా, వంటసోడా వేస్తే ఇంకా పొంగుతుందన్న సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. బేకింగ్ పౌడర్ తగ్గించకుండా అర టీస్పూన్ సోడా అదనంగా వేసి చూశాం. ఓవెన్‌లో కేకు టిన్ను అంచు దాటింది, 35వ నిమిషంలో మధ్యలో గుంట పడింది. రంగు కాఫీ గింజలా నల్లబడింది, నోట్లో సబ్బు రుచి.

మొలాసిస్‌తో చేసే విదేశీ కేకుల కొలతను బెల్లానికి వాడితే వచ్చే ఫలితమిది. మొలాసిస్‌లో ఆమ్లం బాగా ఎక్కువ, బెల్లంలో చాలా తక్కువ. పైగా రసం మరిగేటప్పుడు సున్నం, సోడా వేసి మడ్డి తీసిన బెల్లంలో ఆ కాస్త ఆమ్లం కూడా మిగలకపోవచ్చు. మిగిలిపోయిన సోడా కేకును క్షారంగా మారుస్తుంది. సబ్బు రుచి, నల్లటి రంగు రెండూ దానివల్లే.

బెల్లాన్ని ముందే పరీక్షించుకోవచ్చు. ఒక టేబుల్ స్పూన్ పాకాన్ని పూర్తిగా చల్లార్చి, చిటికెడు సోడా వేసి కలపాలి. బుడగలు లేస్తే ఆమ్లం ఉంది, లేకపోతే లేదు. వేడి పాకంలో ఈ పరీక్ష చేయకూడదు, వేడికి సోడా తనంతట తానే పొంగుతుంది.

తర్వాతి కేకులో సోడా అర టీస్పూన్‌లో నాలుగో వంతు, బేకింగ్ పౌడర్ అదే 6 గ్రాములు. ఎత్తు 5.2, గుంట లేదు, సబ్బు రుచి లేదు. బుడగలు రాని బెల్లమైతే ఈ సోడా కూడా మానేయాలి, 5.0 ఎత్తుతో సరిపెట్టుకోవడమే మంచిది.

రుచి కోసం రెండు మార్పులు చేశాం. బెల్లంలోనే ఉప్పదనం ఉంది కాబట్టి 2 గ్రాముల ఉప్పు తీసేశాం. దశ 4 కేకులో ఉప్పు ఉన్నందుకు చివర్లో నాలుక మీద కొంచెం కటువు మిగిలింది. వెనిలా కూడా తీసేయొచ్చు, పంచదార కేకులో స్పష్టంగా తెలిసే ఆ వాసన బెల్లం కింద కనుమరుగైపోతుంది. దాని బదులు నాలుగు ఏలకుల పొడి, పావు టీస్పూన్ శొంఠి వేస్తే బెల్లం వాసనకు తోడుగా నిలబడ్డాయి. పంచదార తీపి నాలుకకు తగిలి వెంటనే పోతుంది, దాని వెనక బటర్ రుచి తెలుస్తుంది. బెల్లం కేకులో తీపి మెల్లగా మొదలై ఎక్కువసేపు ఉంటుంది, బటర్ వెనక్కి తగ్గుతుంది. అందుకని ఖరీదైన బటర్ బెల్లం కేకుకు దండగ.

ఇప్పటిదాకా: కేకులు 6, బెల్లం 1,125 గ్రాములు.

దశ 6: నిల్వ

కొత్తగా ఒక పంచదార కేకు చేసి, దశ 5 చివరి కేకుతో కలిపి పరీక్షించాం. రెండింటి నుంచి 50 గ్రాముల ముక్కలు కోసి, కొన్ని పళ్ళెంలో తెరిచి, కొన్ని మూత డబ్బాలో ఉంచాం.

తెరిచి ఉంచిన ముక్కల్లో 24 గంటల తర్వాత పంచదారది 45 గ్రాములు, బెల్లంది 47. గ్లూకోజ్, అంతకన్నా ఎక్కువగా ఫ్రక్టోజ్, నీటిని పట్టి ఉంచుతాయి. మూడో రోజుకు పంచదార ముక్క విరిస్తే పొడి రాలింది, బెల్లం ముక్క వంగింది.

డబ్బాలో ఉంచినవాటి తీరు వేరు. వానాకాలం గాలికి బెల్లం కేకు పైభాగం రెండో రోజుకే జిగురెక్కి, మూతకు అంటుకుంది. దించిన గంటలోపే, ఇంకా వెచ్చగా ఉండగా డబ్బాలో పెట్టడం అసలు తప్పు. నాలుగు గంటలు జాలీ మీద చల్లార్చి, డబ్బాలో కిందా పైనా బటర్ పేపర్ వేస్తే జిగురు తగ్గింది. తడి ఎక్కువసేపు నిలిచే కేకు కాబట్టి రెండో రోజు దాటితే ఫ్రిజ్‌లో పెట్టాలి. రుచి మాత్రం రెండో రోజే బాగుంది, మొదటి రోజు శొంఠి ఘాటు విడిగా తెలిసింది.

ఇప్పటిదాకా: కేకులు 7, బెల్లం 1,125 గ్రాములు.

దశ 7: పల్లీ పట్టి

వేయించి పొట్టు తీసిన పల్లీలు 200 గ్రాములు, తీపి 180, నీళ్ళు 2 టేబుల్ స్పూన్లు, నెయ్యి ఒక టీస్పూన్. మూడు వాయిలు: ఒకటి పంచదార, ఒకటి పాత మెత్తటి బెల్లం, ఒకటి గట్టి అచ్చు బెల్లం.

పంచదార వాయి గరిటెతో కలుపుతుండగానే చెడింది. పాకం ఒక్కసారిగా తెల్లబడి ఇసుకలా మారింది. ఒక్క పలుకు గిన్నె అంచున మిగిలినా మిగతా సుక్రోజ్ అంతా దానికి జతకూడి గడ్డకడుతుంది. అందుకే పంచదార పాకాన్ని కరిగాక కదపకూడదు. బెల్లం పాకాన్ని ఎంత కలిపినా అలా కాలేదు, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ మధ్యలో దూరి పలుకు కట్టనివ్వవు.

పాత బెల్లం వాయి పాకానికి రాలేదు. చన్నీళ్ళలో వేసిన చుక్క ఉండ కట్టింది గానీ గట్టిపడలేదు. ఇంకా మరిగిస్తే థర్మామీటరు 150 చేరేలోపే చేదెక్కింది. నిల్వలో బెల్లంలోని సుక్రోజ్ కొంత విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారుతుంది, అవి పెరిగేకొద్దీ పాకం విరిగేంత గట్టిపడదు. కొనేటప్పుడు అచ్చును విరిచి చూడాలి. విరిగిన చోట చిన్న చిన్న పలుకులు మెరిస్తే పాకం వస్తుంది. మైనంలా నున్నగా ఉండి వేలికి అంటితే కేకుకే వాడుకోవాలి, పట్టికీ అరిసెలకూ పనికిరాదు.

గట్టి అచ్చు బెల్లం వాయిని 143 డిగ్రీలకు దించాం. సముద్ర మట్టంలో 146 అని చెప్పే పాకానికి ఇక్కడ 3 డిగ్రీలు తగ్గించుకోవాలి. ముందుగా మరిగే నీళ్ళలో థర్మామీటరు పెట్టి 97 చూపుతోందో లేదో చూసుకోవాలి. చన్నీళ్ళ పళ్ళెంలో చుక్క వేసి, తీసి పళ్ళెం అంచుకు కొడితే ఠంగుమంది. విరిచితే పుల్లలా విరిగింది, సాగలేదు. 

చల్లారాక 100 గ్రాముల పట్టిని తెరిచి ఉంచితే మర్నాటికి 102 తూగింది, ముక్క విరగకుండా వంగింది. కేకును మెత్తగా ఉంచిన అదే గుణం ఇక్కడ గాలిలోని తడిని లాగింది. గోరువెచ్చగా ఉండగా కోసి, పూర్తిగా చల్లారిన 20 నిమిషాల్లోపే ఒక్కో ముక్కనూ కాగితంలో చుట్టి, మూత బిగువుగా ఉన్న స్టీలు డబ్బాలో వేసినవి పదో రోజుకు కూడా కరకరలాడాయి. ఫ్రిజ్‌లో పెట్టిన రెండు ముక్కలు బయటికి తీయగానే చెమ్మపట్టి అంటుకున్నాయి.

ఇప్పటిదాకా: కేకులు 7, పట్టి వాయిలు 3, బెల్లం 1,485 గ్రాములు.

మిగిలిన పని

దశ 4 పద్ధతి గుడ్డు మీదే ఆధారపడింది. గుడ్డు లేని కేకుకు ఇది పనిచేయదు, పెరుగు, సోడా జోడీతో గాలి తేవాలి. అప్పుడు పెరుగులోని నీళ్ళు కలిసి 173 లెక్క మళ్ళీ మారుతుంది. పాకాన్ని 195 కన్నా కిందికి మరిగించి ఆ నీళ్ళు తగ్గించుకుందామంటే, చల్లారేసరికి గిన్నెలోనే గట్టిపడుతుంది. కాబట్టి తగ్గించాల్సింది పెరుగులోనే: గుడ్డలో కట్టి నీళ్ళు దించిన పెరుగుతో తర్వాతి కేకు.